పెద్దమ్మ బొమ్మ తీసేసిన చోట

ఆగస్టు 9 బ్యానర్ గురించి రాస్తానని మొన్న మాటిచ్చాను. కొంచెం పొడవుంటుంది, ఓపిగ్గా చదవండి. బ్యానర్ పని మీలో ఎవరి నెత్తినైనా పడొచ్చు కాబట్టి చేసిందంతా వరసగా చెప్తాను.

పోయిన ఏడాది మా హాస్టల్ గేటుకి కట్టిన బ్యానర్ ఆరడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు. వెనక కొండలు, ఎర్రటి సూర్యుడు. కింద మన సవర గోడబొమ్మల్లాగ చేతులు పట్టుకుని ఆడే మనుషుల వరస. కుడి పక్కన మా పెద్దమ్మ ఫొటో. సంతలో చింతపండు అమ్ముతుంటే నేనే ఫోన్‌లో తీశాను. అడగలేదు. బాగుందని సీనియర్లు పెట్టీశారు. పండగ అయ్యాక ఆ ఫ్లెక్సీ ఎవరో పట్టుకెళ్లి మేకల శాల మీద కప్పారు. పెద్దమ్మ అది చూసింది. "నా మొహం మీద మేకలు ఎక్కుతన్నాయిరా, ఏటిరా ఇది" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అందుకని ఈ ఏడాది ఆ ఫొటో తియ్యాలి. పైగా ఈసారి కట్టే చోటు ఎనిమిదడుగులుంది. అసలు లేయర్ల ఫైల్ ఎవరి దగ్గరా లేదు, మిగిలింది జేపీజీ ఒక్కటే. అంటే బొమ్మ, అక్షరాలు, కొండలు అన్నీ ఒకే అట్టలా అతుక్కుపోయి ఉన్నాయి. ఫొటో చెరిపితే దాని వెనక కొండ ఉండదు, ఖాళీయే ఉంటుంది.

కోటబొమ్మాళిలో ఒక ఫ్లెక్సీ షాపుకెళ్తే అక్కడి అన్నయ్య రెండు నిమిషాల్లో చేసిచ్చాడు. ఫొటో మీద ఒక రంగు డబ్బా పెట్టి, Ctrl+T కొట్టి, మొత్తం బొమ్మని పక్కకి లాగాడు. ఆరు ఎనిమిదైందంటే వెడల్పు మూడో వంతు పెరిగినట్టు, ఎత్తు మాత్రం అంతే. సూర్యుడు కోడిగుడ్డయ్యాడు. ఆడే మనుషులు పొట్టిగా లావుగా కనిపించారు. బ్యానర్ సాగిందో లేదో తెలియాలంటే ముందు అందులో గుండ్రంగా ఉన్నదాన్ని చూడండి. సూర్యుడో, లోగోనో, చక్రమో ఏదోటి ఉంటుంది. దాని వెడల్పు, ఎత్తు కొలిస్తే రెండూ సమానంగా రావాలి. మన మనుషుల్ని అలాగ నొక్కేసి గేటుకి కట్టడం నాకు ఇష్టం లేకపోయింది. సాయంత్రం షాపు ఖాళీగా ఉన్నప్పుడు నేనే కూర్చుంటానని అడిగితే ఒప్పుకున్నాడు. అక్కడున్నది పాత ఫొటోషాప్, CS6.

మొదట చెరపడం, తర్వాత పెంచడం. ఈ వరస తిరగేస్తే ఫొటో అంచులు కూడా సాగిపోయి, చెరిపే పని పెద్దదవుతుంది. లాసోతో ఫొటో చుట్టూ కొంచెం వదులుగా గీశాను. ఫొటోకి నీడ పెట్టి ఉంటారు, అది సెలక్షన్ బయట మిగిలితే చెరిపిన చోట మరకలా కనిపిస్తుంది. తర్వాత Shift+F5 నొక్కి Content-Aware ఎంచుకున్నాను. ఇది పక్కనున్న భాగాల్లోంచి ముక్కలు తెచ్చి ఖాళీ నింపుతుంది. నింపింది గానీ ఆకాశంలో ఒక కాలు, సగం "దినోత్సవం" తేలాయి! ఏ ముక్క ఎక్కడిదో దానికి తెలీదు కదా, చుట్టూ కనపడిందల్లా వాడుకుంది.

దీనికి ఒక ఉపాయం ఉంది. ఆకాశాన్ని, అందులో నింపాల్సిన ఖాళీతో సహా సెలెక్ట్ చేసి, Ctrl+Jతో వేరే లేయర్ చెయ్యాలి. అక్షరాలు కూడా ఆ లేయర్‌లోనే చెరిపెయ్యాలి, ఎలాగూ కొత్త సంవత్సరంతో మళ్లీ టైప్ చెయ్యాలి కదా. ఆ లేయర్ మీదే నింపితే అది తెచ్చుకోడానికి ఆకాశం తప్ప వేరేది దొరకదు. కొండలకీ అలాగే వేరే లేయర్. రెండూ కలిసే కొండ అంచు మాత్రం మెట్టులా విరిగింది. అక్కడ క్లోన్ స్టాంప్ తీసుకుని, పక్క అంచు మీద Alt పట్టుకుని నొక్కి, గీత వంపు చూసుకుంటూ చేత్తోనే దిద్దాను. ఎక్కువ టైం పట్టింది దీనికే.

ఇప్పుడు Canvas Size. వెడల్పు 72 అంగుళాలు తీసేసి 96 కొట్టాను. Anchor గడుల్లో ఎడమ గడి నొక్కితే కొత్త జాగా అంతా కుడి పక్క వస్తుంది. ఆకాశం, కొండలు కలిపి ఒక లేయర్ చేసి, Edit మెనూలో Content-Aware Scale తీశాను. మామూలు సాగదీతకీ దీనికీ తేడా ఏంటంటే, ఇది అన్ని చోట్లా సమానంగా సాగదు. పైనుంచి కిందకి, పక్కపక్క చుక్కలకి పెద్దగా తేడా లేని సన్నని దారులు వెతుక్కుని, ఆ దారుల్నే రెండేసి చేస్తుంది. షాయ్ అవిడాన్, ఏరియల్ షమీర్ అనే ఇద్దరు 2007లో ఈ పద్ధతి ప్రకటించారు, మరుసటి ఏడాది ఫొటోషాప్‌లోకి వచ్చింది. సూర్యుడి చుట్టూ సెలక్షన్ గీసి Save Selectionతో దాచుకుని, పైన Protect దగ్గర ఆ పేరు ఎంచుకున్నాను. ఆకాశం సాగింది, సూర్యుడు గుండ్రంగానే ఉన్నాడు.

కానీ ఆడే మనుషుల వరస దీనికి లొంగదు. ఆ వరస ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంది. ఏ దారి పైనుంచి కిందకి దిగినా ఎవరో ఒకర్ని దాటాల్సిందే. మనుషుల్ని Protect చేస్తే దారులన్నీ వాళ్ల మధ్య పట్టుకున్న చేతుల మీదుగా పోతాయి, చేతులు తాళ్లలాగ పొడవైపోతాయి. మనిషి గుర్తున్న ఇంకో బటన్ ఉంది గానీ అది ఒంటి రంగు చూసి కాపాడేది. మన బొమ్మలు తెల్ల గీతలు, వాటిని మనుషులనుకోదు.

అప్పుడు నాకు మా ఊరి గోడ గుర్తొచ్చింది. గోడ పెద్దదైతే మనిషిని లావు గియ్యరు కదా, ఇంకో మనిషిని గీస్తారు.

లెక్క చూడండి. పాత బ్యానర్‌లో తొమ్మిది మంది కనిపిస్తున్నారు, ఒక్కొక్కరికీ 6 అంగుళాలు, మొత్తం 54. మిగతా 18 అంగుళాలు పెద్దమ్మ ఫొటో కింద పోయాయి. వాటికి కొత్తగా వచ్చిన 24 కలిపితే 42. అంటే ఏడుగురు కావాలి. ఒకర్నే ఏడుసార్లు అతికిస్తే రబ్బరు ముద్ర కొట్టినట్టుంటుంది, ఎందుకంటే చేత్తో గీసిన బొమ్మల్లో ఏ ఇద్దరూ ఒకలా ఉండరు. అందుకే రెండో మనిషి నుంచి ఎనిమిదో మనిషి దాకా ఏడుగుర్నీ ఒకేసారి తీసుకున్నాను. కోత మాత్రం ఒంటి పక్కన పెట్టకుండా పట్టుకున్న చేతుల మధ్యలో పెట్టాను. తొమ్మిదో మనిషి చెయ్యి ఫొటో అంచు దగ్గర సగంలో ఆగింది, కొత్త వరస చెయ్యి సరిగ్గా అక్కడ అందుకుంది. రెండు గీతల ఎత్తులో చిన్న తేడా ఉంటే బ్రష్‌తో కలిపాను.

ప్రింటుకిచ్చే ముందు Ctrl+1 నొక్కి, 100 శాతంలో ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూశాను. ఒకే మబ్బు రెండు చోట్ల దొరికింది, ఒకటి తీసేశాను. ఐదో మనిషి దగ్గర డోలు ఉంది, కాబట్టి పదమూడో మనిషికీ డోలు వచ్చింది. దాన్ని వదిలేశాను, ఇంతమంది ఆడుతుంటే ఒక్క డోలు చాలదు కూడా. ఈసారి లేయర్ల ఫైల్ మూడు చోట్ల దాచాను, కావాల్సినవాళ్లు అడగండి.

సెలవులకి వెళ్లినప్పుడు ఫోన్‌లో పెద్దమ్మకి చూపించాను. తన ఫొటో ఉన్న చోట వేలు పెట్టి కాసేపు చూసింది. తర్వాత వేలితో ఒక్కొక్కర్నీ లెక్కపెట్టింది, పదహారు.

"పండగయ్యాక దీన్ని ఎక్కడ కప్పుతారు?" అని అడిగింది.

మడిచి హాస్టల్ బీరువాలో పెడతామని చెప్పాను.