ఎనిమిది వాక్యాల కాకి

మా మనవరాలికి ఏడేళ్లు. అల్లుడికి హనోయ్‌లో ఉద్యోగం. అక్కడే ఒకటో తరగతి చదివి, సెలవులకు గాజువాకలోని మా ఇంటికి వచ్చింది. ఫోన్లో బాగానే వినిపించే దాని తెలుగు, ఎదురుగా కూర్చునేసరికి రెండు మాటలకే అయిపోయేది. "తిన్నావా?" అంటే "తిన్నాను". అంతే. ఆ తరవాత నేను సీలింగు వైపు, అది కిటికీ వైపు. నాలుగేళ్లు ఇలాగే గడిస్తే ఈ పిల్లకి నేనెవరిని అవుతాను అన్న దిగులు పట్టుకుంది నాకు.

ఓ ఉదయం పెరటి గోడ మీద కాకి వాలి "కావ్" అంది. పిల్ల ఎగిరి గంతేసి "క్వా!" అంది. వియత్నామీస్‌లో కాకి పేరు అదేనట. అరుపునే పేరుగా పెట్టుకున్నారన్నమాట, మనలాగే. వెంటనే లోపలికి పరిగెత్తి నోటుపుస్తకం పట్టుకొచ్చింది. తెలిసిన కథ ఏదైనా చిన్న చిన్న వాక్యాల్లో రాసుకురమ్మని బళ్లో చెప్తే తను రాసిన కథ అది. మొత్తం ఎనిమిది వాక్యాలు. నాకోసం ఒక్కొక్కటీ తెలుగులోకి మార్చి చెప్పింది:

ఒక కాకికి దాహం. అది ఒక కూజాను చూసింది. కూజాలో కొంచెం నీళ్లున్నాయి. కూజా మెడ పొడుగు, కాకి తాగలేకపోయింది. కాకి ఒక్కొక్క గులకరాయీ కూజాలో వేసింది. నీళ్లు మెల్లమెల్లగా పైకి వచ్చాయి. కాకి నీళ్లు తాగింది. కాకి చాలా తెలివైనది.

మనందరం చిన్నప్పుడు చదువుకున్న ఈసపు కథే. కానీ ఆ భాషలో చదవబోయేసరికి నా పరువు పోయింది. నేను మామూలుగా "క్వా" అని చదివితే పిల్ల పకపకా నవ్వింది. అక్కడ ఒకే అక్షరాలను ఆరు రకాల స్వరాల్లో పలుకుతారట. కాకి అని రాయాలంటే అచ్చు కింద ఒక చుక్క పెట్టాలి. చుక్క ఉంటే గొంతు కిందికి దించి, మాటను ఠక్కున ఆపెయ్యాలి. నేను గొంతును సాగదీసి మెల్లగా జార్చాను. ఆ జారుడు స్వరంలో పలికితే కాకి కాదు, బహుమతి. "తాతయ్యా, నువ్వు బహుమతికి దాహం వేసిందన్నావు!" అని అది చెప్తుంటే మా ఆవిడ వంటింట్లోంచి నవ్వుతూనే ఉంది.

ఒక విషయంలో మాత్రం ఆ భాష నాకు సుళువనిపించింది. మన క్రియలకు ఎన్ని తోకలో చూడండి. తాగాడు, తాగింది, తాగుతారు, తాగలేదు. అక్కడ "ఉఓంగ్" అంటే తాగడం. ఎవరు తాగినా, ఎప్పుడు తాగినా ఆ మాట మారదు. ఇప్పుడో నిన్నో చెప్పాలంటే పక్కన ఇంకో మాట చేరుస్తారు. చదవడం కొత్తగా నేర్చుకునే పిల్లకి అందులో ఎంత హాయి! ఒకసారి గుర్తుపట్టిన మాట ఎక్కడ కనబడినా అదే ముఖంతో ఉంటుంది. కష్టం మరోచోట ఉంది. లెక్క చెప్పేటప్పుడు కాకి ముందు "కాన్" అనాలి, కూజా ముందు ఇంకో మాట, గులకరాయి ముందు వేరొకటి. మనం "ఇద్దరు మనుషులు, రెండు కాకులు" అనడంతో సరిపెట్టుకుంటాం. వాళ్లు ప్రాణికి, వస్తువుకు, గుండ్రటి చిన్న రాయికి విడివిడిగా మాటలు పెట్టుకున్నారు. "మెల్లమెల్లగా" దగ్గర మాత్రం ఇద్దరం కలిశాం. వాళ్లూ ఆ మాటను రెండుసార్లు అంటారు, "జన్ జన్" అని.

కథ అయిపోయాక పిల్ల అడిగింది, "నిజంగా నీళ్లు వస్తాయా తాతయ్యా?" అని. లీటరు పట్టే పచ్చడి సీసా తీసి పావు వంతు నీళ్లు పోశాను. తులసికోట చుట్టూ ఉన్న గులకరాళ్లు ఏరి, అది ఒక్కొక్కటే వేసింది. మొదట్లో నీళ్లు పైకి వచ్చాయి. సగం దాటి ఒక అంగుళం ఎక్కాక ఆగిపోయాయి. ఆ తరవాత వేసిన రాళ్లు పొడిగా పైన పేరుకున్నాయి. సీసా మూతి దాకా రాళ్లే, నీళ్లు మాత్రం కిందే. పిల్ల మొహం చిన్నబోయింది. "నా కథ అబద్ధమా?" అంది.

ముప్పై ఏళ్లు స్టీలు ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర చేసినవాణ్ణి. రాళ్ల మధ్య ఖాళీ గురించి నాకు చెప్పక్కర్లేదు. 1990లో మొదలైన మా గోదావరి ఫర్నేస్‌లో పైనుంచి కోక్, సింటర్ పొరలు పొరలుగా వేస్తాం. కింది నుంచి వేడిగాలి కొడతాం. ఆ గాలి ముక్కల మధ్య సందుల్లోంచే పైకి రావాలి. పొడి ఎక్కువైతే సందులు మూసుకుపోయి గాలి ఎక్కదు. అందుకే జల్లెడ పట్టి వేస్తాం.

సీసా ఒంపేసి, రాళ్లతో మూతి దాకా నింపి, కొలగ్లాసుతో నీళ్లు పోయించాను. సుమారు 400 మిల్లీలీటర్లు పట్టాయి. అంటే రాళ్లతో నిండిందనుకున్న లీటరు సీసాలో దాదాపు నలభై పాళ్లు ఖాళీయే. మనం మొదట పోసింది 250. ఆ ఖాళీని నింపడానికే చాలని నీళ్లు మూతి దాకా ఎలా వస్తాయి? ఈసారి సగం సీసా, అంటే 500 పోశాం. రాళ్లు మూతిని చేరకముందే నీళ్లు పొర్లాయి. పిల్ల చప్పట్లు కొట్టింది. చిన్న రాళ్లూ పెద్ద రాళ్లూ కలిపి వేస్తే సందులు తగ్గుతాయి కాబట్టి ఇంకాస్త తక్కువ నీళ్లతోనూ పని జరుగుతుంది. ఫర్నేస్‌కి పనికిరాని పొడి కాకికి పనికొస్తుందన్నమాట.

కాకులకు ఈ తెలివి నిజంగానే ఉందా అంటే, వాటి బంధువుకైతే ఉంది. 2009లో క్రిస్టఫర్ బర్డ్, నేథన్ ఎమరీ అనే పరిశోధకులు రూక్ అనే కాకి జాతి పక్షులకు ఈ పరీక్షే పెట్టారు. గొట్టంలో నీళ్ల మీద పురుగు తేలుతోంది, పక్కన రాళ్లు ఉన్నాయి. అవి రాళ్లు వేసి పురుగును అందుకున్నాయి. చిన్న రాళ్ల కంటే పెద్ద రాళ్లు వేస్తే పని తొందరగా అవుతుందని కూడా నేర్చుకున్నాయి.

పిల్ల నోటుపుస్తకం తెరిచి మూడో వాక్యం దగ్గర ఆగింది. "కొంచెం" అన్న మాట కొట్టేసి, పెన్సిలుతో "సగం" అని వాళ్ల భాషలో రాసింది. టీచరుకి ఏం చెప్తావే అంటే, గడగడా తెలుగులో అందుకుంది. "మా తాతయ్య సీసా తెచ్చాడు, మొదట రాలేదు, తరవాత వచ్చింది..." ఆ రోజు అది ఆపకుండా అరగంట మాట్లాడింది. వ్యాకరణం తప్పులు లెక్కపెట్టాలని నాకు తోచలేదు.

రాత్రి మా అమ్మాయి ఇంకో సంగతి చెప్పింది. ఆ భాషలో నీళ్లకు "నుఒక్" అంటారు. దేశానికీ అదే మాట. ఆ మాట అని కాసేపు ఊరుకుంది. నేనూ ఏమీ అనలేదు.

వాళ్లు వెళ్లిపోయారు. డాబా మీద చిప్పలో నీళ్లు పెడుతున్నాను. ఆదివారం వీడియో కాల్‌లో గోడ మీది కాకిని చూపించి "క్వా" అంటాను, గొంతు కిందికి దించి, ఠక్కున ఆపి. అవతల పిల్ల చెవి ఒగ్గి వింటుంది. "ఇప్పుడు బహుమతి కాదు తాతయ్యా, కాకే!" అంటుంది.