సద్దుల బతుకమ్మకు మూడు ట్యాగులు

అలిగిన బతుకమ్మ నాడు పూలు పేర్చరు, ఆట ఆడరు. తొమ్మిది రోజుల పండుగలో అది ఆరో రోజు. 2024లో అక్టోబర్ 7, సోమవారం వచ్చింది. హన్మకొండలోని ఒక ఇంటికి వెళ్లడానికి నేను ఆ రోజునే ఎంచుకున్నాను. మిగతా ఎనిమిది రోజుల్లో ఆ ఇంటివాళ్లకు మాట్లాడే తీరిక ఉండదు. ఆ ఇంట్లో బాపమ్మ పూలు పేరుస్తుంది, డిగ్రీ చదివే మనవరాలు ఫోన్‌లో తీసి యూట్యూబ్ షార్ట్‌లుగా పెడుతుంది. వీడియోల్లో బాపమ్మ ముఖం కనిపించదు. తాంబాలం, పూలు, చేతులు, పక్కనుంచి వినిపించే మాట, అంతే.

నేను వెళ్లేసరికి మేడ మీద గదిలో చాప పరిచి ఉంది. ఓ మూల గునుగు కట్టలు, పక్కన రంగు కలిపిన రెండు గిన్నెలు. సద్దుల బతుకమ్మకు గునుగును ఎలా సిద్ధం చేసుకోవాలో చెప్పే షార్ట్ అప్పుడే తీసి ముగించారు. కాడలన్నీ ఒకే పొడవుకు కోసి, గుప్పెడు చొప్పున కట్టి, తెల్లటి పూల కొసలను రంగునీళ్లలో ముంచి, తలకిందులుగా ఆరబెట్టడం యాభై సెకన్లలో వచ్చింది. అప్పటికి షార్ట్ నిడివి నిమిషం దాటకూడదు. మూడు నిమిషాల వరకు పెంచింది ఆ తర్వాత వారానికి, అక్టోబర్ 15న.

"తీసుడు ఒక ఎత్తు, పేర్లు పెట్టుడు ఒక ఎత్తు అక్కా" అంటూ ఆ అమ్మాయి ఫోన్ నా ముందు పెట్టింది. ఆమె పేర్లు అన్నది హ్యాష్‌ట్యాగుల్ని. నేను చూడాలనుకున్నదీ అదే.

ముందుగా కిందటి ఏడాది షార్ట్ చూపించింది. దాని కింద పన్నెండు ట్యాగులున్నాయి. #viral, #trending, #navratri, #dasara, #festival, #india వరసగా ఉండగా, ఎక్కడో చివర #bathukamma ఉంది. యూట్యూబ్ లెక్క ప్రకారం ఇది ఎక్కువేమీ కాదు. అరవై దాటితేనే ఆ వీడియో మీది ట్యాగులన్నిటినీ అది పక్కన పెడుతుంది. ఇబ్బంది సంఖ్యలో లేదు, ఆ పేర్లు ఎవరిని పిలుస్తున్నాయన్న దాంట్లో ఉంది. స్టూడియోలో ఆ షార్ట్ గణాంకాలు తెరిచి, ఎంతమంది ఆగి చూశారు, ఎంతమంది వేలితో పైకి తోసేశారు అని చెప్పే గీతను చూపించింది. తోసేసినవాళ్లే ఎక్కువ. ట్యాగుల వల్లే అలా అయిందని ఆ అమ్మాయి అనలేదు. "మొదటి సెకను కూడా బాగలేకుండె. బాపమ్మ చెయ్యి రాకముందు ఖాళీ తాంబాలమే కనిపిస్తది" అంది. ఆ మాటతో ఆమె చెప్పేదాని మీద నాకు నమ్మకం పెరిగింది. షార్ట్‌ను ఎక్కువమంది చూసేది ఫీడ్‌లో. అక్కడ మొదటి క్షణం చేసే పనిని ఏ ట్యాగూ చేయలేదు. ఈ వీడియో ఏ సంగతి గురించో, ఎవరికి పనికొస్తుందో తెలియజేసే ఆనవాలుగానే ట్యాగుకు విలువ.

మరి ఆ పన్నెండింటిలో తప్పెక్కడుంది? మేమిద్దరం ఒక్కో ట్యాగునూ యూట్యూబ్‌లో తెరిచి చూశాం. వెతికే పెట్టెలో # గుర్తుతో పేరు కొడితే ఆ ట్యాగు పేజీ వస్తుంది. ఎన్ని వీడియోలు, ఎన్ని చానెళ్లు అన్నది పైన ఉంటుంది. చాలామంది ఆ అంకె చూసి, పెద్దదైతే మంచిదనుకుని పెట్టేస్తారు. ఈ అమ్మాయి అంకెను వదిలేసి కింద వరసగా ఉన్న వీడియోలు చూస్తుంది. #navratri కింద గర్బా నాట్యాలు, అమ్మవారి అలంకారాలు. అవి చూస్తూ వచ్చినవాళ్లకు గునుగు కాడలు కోయడం ఎందుకు? #dasara పరిస్థితి ఇంకోలా ఉంది. 2023 మార్చిలో నాని సినిమా 'దసరా' వచ్చాక ఆ పేరు కింద సినిమా ముక్కలు చేరాయి. #bathukamma కూడా శుద్ధంగా ఏమీ లేదు. అదే ఏడాది సల్మాన్ ఖాన్ హిందీ సినిమాలో బతుకమ్మ పాట ఒకటి వచ్చింది, దాని రీళ్లూ ఇందులో ఉన్నాయి. అయినా ఈ ట్యాగును వదలకూడదన్నది ఆమె నిర్ణయం. ఎందుకంటే ఇక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పండుగ కోసమే వస్తారు. పెద్ద ట్యాగుకు ఆమె పెట్టుకున్న పరీక్ష ఇదొక్కటే: ఆ పేజీలో పక్కపక్కనున్న పది వీడియోల నడుమ మన వీడియో పరాయిగా కనిపిస్తుందా, లేదా?

చిన్న ట్యాగుల దగ్గరే అసలు ఆలోచనంతా జరిగింది. పాత కాగితం మీద ఆమె రాసుకున్నవాటిలో వాళ్ల వీధి పేరుతో ఒకటి ఉంది. తెరిస్తే అందులో ఉన్నవి వాళ్ల వీడియోలే. ఎవరూ వెతకని పేరు ఎంత ప్రత్యేకమైనా దండగే. #gunugu తెరిచాం. వీడియోలు కొద్దిగానే ఉన్నా అన్నీ పువ్వు గురించినవే, వేర్వేరు ఇళ్లవి. ఇది పనికొస్తుంది. #saddulabathukamma కూడా అలాంటిదే, పైగా అది ఒక రోజు పేరు. బతుకమ్మకు ఈ విషయంలో మంచి సౌకర్యముంది. ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు అంటూ ప్రతి రోజుకూ తనదైన పేరుంది. రోజు పేరుతో వెతికే మనిషికి ఆ రోజు ఏం కావాలో దాదాపుగా తెలిసిపోతుంది.

ఈ మాటలప్పుడే బాపమ్మ కలగజేసుకుంది. "వేములవాడల ఏడోనాడే సద్దులు చేస్తరు బిడ్డా. వాళ్లకు నీ వీడియో తొమ్మిదోనాడు అందితే ఏం లాభం?" అంది. మనవరాలు కాసేపు మాట్లాడలేదు. ఏడో రోజంటే మర్నాడే. వీడియోలో చివరి కూర్పు ఇంకా మిగిలి ఉంది. వేములవాడకు ఈసారి అందదని ఒప్పుకుని, మిగతా ఊళ్ల సంగతి చూడసాగింది.

అక్కడినుంచి మాట వేళ మీదకు మళ్లింది. ట్యాగు, వేళ వేర్వేరు సంగతులని నేను అనుకుంటూ వచ్చాను. ఆ గదిలో అవి రెండూ ఒకే ప్రశ్నకు జవాబులయ్యాయి: చూసే మనిషి అప్పుడు ఏం చేస్తూ ఉంటుంది? గునుగు తయారీ షార్ట్ సద్దుల రోజు సాయంత్రం వస్తే అప్పటికి ఊరంతా పేర్చడం ముగించి చెరువు దారి పట్టి ఉంటుంది. ముందురోజు పువ్వు తెస్తారు, ఆ రాత్రో మర్నాడు పొద్దున్నో రంగు వేస్తారు. కాబట్టి అది అక్టోబర్ 9 ఉదయమే అందాలి. అదే ఆట వీడియో అయితే 10వ తేదీ రాత్రి రావాలి. ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని, ఇంకో ఊళ్లో ఎలా ఆడారో చూడాలనిపించే సమయమది. ఏ గంటలో పెట్టినా దీర్ఘకాలంలో వీడియోకు తేడా ఉండదని యూట్యూబ్ చెబుతుంటుంది. వంట వీడియోకో, పాఠానికో అది సరిపోవచ్చు. పండుగ పనికి గడువుంటుంది, గడువు దాటిన సలహాతో ఎవరికీ పని ఉండదు.

ఉదయం అంటే ఎన్నింటికి? ఆమె ఆరున్నర అని రాసుకుంది. బాపమ్మ చెల్లెలి కూతురు డాలస్‌లో ఉంటుంది. ఇక్కడ ఉదయం ఆరున్నర అయితే అక్టోబర్‌లో అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిది, న్యూజెర్సీలో తొమ్మిది. ఇక్కడివాళ్లు టీ తాగుతూ ఫోన్ చూస్తారు, అక్కడివాళ్లు పనులు ముగించుకుని చూస్తారు. పైగా అమెరికాలో బతుకమ్మ ఆట చాలాచోట్ల శని, ఆదివారాల్లోనే పెట్టుకుంటారు. కాబట్టి గురువారం సద్దులు ముగిసినా, 12వ తేదీ శనివారం ఆడేవాళ్లకు ఈ తయారీ వీడియో ఇంకా పనికొస్తుంది. ఇది కేవలం ఊహ కాదు. స్టూడియోలో ప్రేక్షకుల పేజీలో, వాళ్ల చూపరులు యూట్యూబ్‌లో ఉండే గంటలను ఊదారంగు గడులుగా చూపిస్తారు. ముదురు రంగు ఉన్నచోట ఎక్కువమంది ఉన్నట్టు. వాళ్ల చానెల్‌కు ఉదయమూ రాత్రీ రెండుచోట్ల ముదురుగా ఉంది.

ఆరున్నరకు లేచి పెట్టే పని లేదు. ముందురోజు రాత్రే ఎక్కించి, తేదీ, గంట నిర్ణయించి వదిలేస్తే అప్పటిదాకా అది ప్రైవేటుగానే ఉంటుంది. పాట వాడినప్పుడు ఈ ముందుచూపు మరీ అవసరం. కాపీరైటు అభ్యంతరం ఏదైనా ఉంటే రాత్రే తెలుస్తుంది, పాట మార్చుకునే వ్యవధి మిగులుతుంది.

ఇక గునుగు షార్ట్‌కు చివరికి నిలిచినవి మూడు. పెద్దది #bathukamma, రోజుది #saddulabathukamma, పనిది #gunugu. మూడే ఎందుకంటే, వివరణలో ఎన్ని రాసినా శీర్షిక దగ్గర కనిపించేవి మూడు వరకే. శీర్షికలో ట్యాగులు ఇరికించలేదు. దానికి ఉన్నది వంద అక్షరాల చోటు, షార్ట్ చూసేటప్పుడు తెర మీద కనిపించేది అదే. అక్కడ "సద్దుల బతుకమ్మకు గునుగు పువ్వు రంగు ఇట్ల వేయాలె" అని తెలుగులో రాసింది. పెద్దవాళ్లు మైకు నొక్కి నోటితో అడుగుతారని, అప్పుడు పెట్టెలో తెలుగు అక్షరాలే పడతాయని ఆమె కారణం చెప్పింది. బాపమ్మ వెతికేదీ అట్లాగేనట.

ఆట వీడియోకు తెలుగు ట్యాగు కూడా ఒకటి పెడదామని #సద్దుల బతుకమ్మ అని కొట్టి దాచింది. దాచాక చూస్తే #సద్దుల వరకే నీలంగా మారింది, బతుకమ్మ మామూలు మాటగా మిగిలిపోయింది. ట్యాగులో ఖాళీ ఉండకూడదు. ఖాళీ దగ్గరే అది తెగుతుంది. #సద్దులబతుకమ్మ అని కలిపి రాశాక మొత్తం నీలమైంది. ఇంగ్లిష్ అక్షరాల్లోనూ ఒక చిక్కుంది. కొందరు bathukamma అని, కొందరు batukamma అని రాస్తారు. రెండూ వేర్వేరు పేజీలకు పోతాయి. రెండు పేజీలూ తెరిచి చూసి, h ఉన్నదాంట్లోనే తాజా వీడియోలు వస్తున్నాయని దాన్నే ఉంచింది.

పండుగ అయ్యాక ఫోన్ చేశాను. గునుగు షార్ట్‌కు చూపరులు ఎక్కడినుంచి వచ్చారో చూసిందట. ఎప్పటిలాగే అగ్రభాగం ఫీడ్‌దే. ట్యాగు పేజీల నుంచి వచ్చింది చాలా తక్కువ. కొత్తగా కనిపించింది వెతుకులాట. వెతికిన మాటల వరసలో గునుగు, రంగు, సద్దుల అన్న మాటలున్నాయి. అవన్నీ శీర్షికలో ఉన్నాయి, గునుగు, సద్దుల అన్నవి ట్యాగుల్లోనూ ఉన్నాయి కాబట్టి ఎవరి వాటా ఎంతో విడదీయలేమని ఆమె అంది. తోసేసినవాళ్లు ఈసారి తగ్గారట. మొదటి సెకనులోనే బాపమ్మ చెయ్యి రంగునీళ్లలో ఉండడం దానికి ముఖ్య కారణమని ఆమె అభిప్రాయం. నాకూ అదే నిజమనిపించింది.

ఆట వీడియోకు #bathukamma2024 చేర్చిందట, అది ఆ ఏటి జ్ఞాపకం కాబట్టి. గునుగు షార్ట్‌కు ఏడాది అంకె ఎక్కడా పెట్టలేదు. రంగు వేసే పద్ధతి ఏటేటా మారదు, పాత అంకె చూస్తే వచ్చే ఏడాది వెతికేవాళ్లు దాటేసి పోతారు. వేములవాడ మాట కూడా ఆమె మరువలేదు. వచ్చేసారి ఇదే విషయం మీద కొత్త షార్ట్ తీసి, అట్ల బతుకమ్మ నాటికే ఎక్కించాలని నిర్ణయించుకుంది. ఏడో రోజుకు రెండు రోజులు ముందన్నమాట.