హాలు ముందా, ముహూర్తం ముందా?

మా ఇంట్లో ఆ మధ్య పెళ్లి కుదిరినప్పుడు మా బావగారు ఓ పని చేశారు. ముందు ఫంక్షన్ హాలుకు వెళ్లి ఖాళీగా ఉన్న తేదీలు రాయించుకొచ్చి, ఆ చీటీ పంతులుగారి చేతిలో పెట్టారు. "వీటిలోంచి ఒక మంచి ముహూర్తం తీయండి" అన్నారు. పంతులుగారు నవ్వేసి తీశారు. ఆ తెలివి నాకు అండమాన్ టికెట్లు కొన్న రోజున లేకపోయింది.

హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు విమానం చవగ్గా కనబడగానే రానూ పోనూ కొనేశాను. ఆ ఊరికి ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు పెట్టారు గానీ నోటికి ఇంకా పాతదే వస్తుంది. తర్వాత హేవ్‌లాక్ దీవిలో గది, డబ్బు వెనక్కి రాని చవక రేటుకు. తర్వాత విమానం దిగిన రెండున్నర గంటలకే బయల్దేరే ఫెర్రీ. మర్నాడు పొద్దున్నే స్కూబా డైవింగ్. మూడో రోజు సాయంత్రం ఫెర్రీలో వెనక్కి, నాలుగో రోజు ఉదయం ఏడున్నరకి విమానం. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉందో!

ప్రయాణానికి నెల ముందు ఎయిర్‌లైన్ నుంచి సందేశం: వెళ్లే విమానం మూడు గంటలు వెనక్కి జరిగింది. మూడు గంటలేగా అనుకున్నాను. ఆ మూడు గంటలకి ఫెర్రీ పోయింది. హేవ్‌లాక్‌లో విమానాశ్రయం లేదు, నాకు పడవే దిక్కు; తర్వాతి పడవ మర్నాడు ఉదయం. దాంతో దీవిలో మొదటి రాత్రి గది డబ్బు పోయింది, పోర్ట్ బ్లెయిర్‌లో మరో గది తీసుకోవలసి వచ్చింది. డైవింగ్ మూడో రోజు ఉదయం పదింటికి జరిపించుకుందామని ఫోన్ చేస్తే అవతలి అబ్బాయి ఒకటే అడిగాడు: "సార్, మీ రిటర్న్ ఫ్లైట్ ఎప్పుడు?" చెప్పాను. "అయితే కుదరదు సార్" అన్నాడు.

కారణం ఉంది. నీటి అడుగున ఒత్తిడికి, పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒంట్లో ఎక్కువగా కరుగుతుంది. అది మెల్లగా బయటికి పోవాలి. ఈలోగా విమానం ఎక్కితే, పైన గాలి ఒత్తిడి తక్కువ కనుక, సోడా సీసా మూత తీసినట్టు బుడగలు కట్టే ప్రమాదం ఉంది. ఒక్కసారి మునిగితే కనీసం 12 గంటలు, పలుమార్లు మునిగితే 18 గంటలు ఆగాలని డైవింగ్ మార్గదర్శకాలు చెబుతాయి. చాలామంది నిర్వాహకులు 24 గంటలు ఆగమంటారు. నాకు మిగిలింది ఇరవై చిల్లర.

రెండోసారి వెళ్లినప్పుడు బావగారి చీటీ గుర్తుపెట్టుకున్నాను. ముందు డబ్బు తీయకుండా ఫెర్రీ వేళలు చూశాను, ఎందుకంటే మనకోసం జరగనిది అదే. ఆ తర్వాత గదులు, ఉచితంగా రద్దు చేసుకునే రేటుకు. నాలుగు వందలు ఎక్కువైంది గానీ ఏ తేదీ వరకు రద్దు చేయొచ్చో క్యాలెండర్‌లో రాసిపెట్టుకున్నాను. గదులు ఉన్నాయని తేలాకే విమానం; చెన్నైలో మారేదైనా ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్‌ఆర్‌తో. విడివిడిగా కొంటే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా, రెండో కంపెనీ మనల్ని రానివాళ్ల కిందే లెక్కేస్తుంది. విమానం ఖాయమైన రాత్రే ఫెర్రీ కొన్నాను. డైవింగ్‌కు మాత్రం కొద్దిపాటి అడ్వాన్సు ఇచ్చి ఊరుకున్నాను. అంటే వెతకడం కదలనిదానితో మొదలుపెట్టాలి, డబ్బు కట్టడం మాత్రం వెనక్కి వచ్చేదానితో.

రోజుల వరసా మార్చాను. దిగిన రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే పడక. రెండో రోజు ఉదయం ఫెర్రీ, మూడో రోజు డైవింగ్, నాలుగో రోజు రాధానగర్ బీచి, ఐదో రోజు మధ్యాహ్నానికి వెనక్కి, ఆరో రోజు విమానం. పడవకీ విమానానికీ మధ్య రెండు వైపులా ఒక్కో రాత్రి. "ఆ రాత్రులు దండగ కదూ?" అంది మా ఆవిడ.

రెండో రోజు సముద్రం పొంగి ఫెర్రీ రద్దయింది. ఫెర్రీ డబ్బు వెనక్కి వచ్చింది. మూడో రోజు ఉదయం వెళ్లాం. డైవింగ్ నాలుగో రోజుకు జరిగింది, అదే సాయంత్రం రాధానగర్. అప్పటికి గదిని రద్దు చేసే గడువు దాటింది కనుక ఒక రాత్రి అద్దె పోయింది. పోయింది అదొక్కటే. డైవింగ్ అబ్బాయి మళ్లీ అడిగాడు, ఫ్లైట్ ఎప్పుడని. "ఎల్లుండి" అన్నాను, ఎవరో బహుమతి ఇచ్చినంత దర్జాగా.

నీళ్లలోంచి పైకొచ్చాక మా ఆవిడ జుట్టు పిండుకుంటూ అంది: "ఆ దండగ రాత్రి ఇంకోటి ఉన్నా బావుండేదండీ."