420 రూపాయల అబద్ధం

మా ఇంట్లో జరిగింది రాస్తున్నా. బండి ఉన్నవాళ్లు చివరిదాకా చదవండి.

మా అన్నయ్య ఆశ్రమ పాఠశాలలో సీఆర్టీ. 2021 జూన్‌లో బైక్ కొన్నాడు. ఎదుటివాళ్లకి దెబ్బ తగిలితే కట్టే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ షోరూంలోనే ఐదేళ్లకి ఇచ్చారు. మన బండికి నష్టమైతే ఇచ్చే ఓన్ డ్యామేజ్ పాలసీ మాత్రం ఏటా కట్టాలి.

ఏడాదంతా క్లెయిమ్ తీసుకోకపోతే వచ్చే ఏడు ఆ ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో తగ్గింపు ఇస్తారు. దాన్నే నో క్లెయిమ్ బోనస్ అంటారు. మొదట 20 శాతం, తర్వాత 25, 35, 45, 50. మధ్యలో ఒక్క క్లెయిమ్ తీసుకున్నా మళ్లీ సున్నా.

2024 జనవరిలో అన్నయ్య ఘాట్ రోడ్డు మలుపులో పడ్డాడు. రిపేరుకి 7,800 క్లెయిమ్ వచ్చింది. జూన్‌లో రెన్యువల్‌కి టౌన్‌లో ఒక కొట్టుకి వెళ్తే, ఆ అబ్బాయి "వేరే కంపెనీలో చవగ్గా చేస్తా అన్నా" అని ఫోన్‌లో ఫారం నింపేశాడు. పోయిన ఏడు క్లెయిమ్ ఉందా అన్నచోట 'లేదు' కొట్టి 35 శాతం బోనస్ పెట్టాడు. ప్రీమియం 1,200. తగ్గింది 420. అన్నయ్య తక్కువైందని సంతోషపడ్డాడే గానీ కాగితం చదవలేదు.

సెప్టెంబర్ వానలకి గెడ్డ పొంగి ఒడ్డున పెట్టిన బండిని ఈడ్చుకుపోయింది. బండి దొరికింది గానీ ఇంజన్ నిండా బురద. మెకానిక్ 31,000 అన్నాడు. సర్వేయర్ వచ్చి ఫొటోలు తీశాడు. కంపెనీవాళ్లు బండి నంబరుతో పాత కంపెనీని అడిగితే జనవరి క్లెయిమ్ బయటపడింది. క్లెయిమ్ కొట్టేశారు.

"నేను చెప్పలేదు కదా, కొట్టువాడు పెట్టాడు" అన్నాడు అన్నయ్య. కానీ ఫారం అన్నయ్య పేరు మీదే ఉంది. బోనస్ తీసుకునేటప్పుడు ఇచ్చే డిక్లరేషన్‌లోనే, ఇది తప్పని తేలితే సొంత బండి నష్టానికి వచ్చేవన్నీ పోతాయని రాసుంటుంది. థర్డ్ పార్టీకి దీంతో ఏమీ కాలేదు, అది వేరే పాలసీ.

బాధేంటంటే, ఇది ముందే సరిచేసుకోవచ్చు. పాలసీ కాగితంలో 'ఎన్‌సీబీ' అన్న లైన్ ఉంటుంది. పోయిన ఏడు క్లెయిమ్ తీసుకుని కూడా అక్కడ సున్నా కాక వేరే అంకె కనిపిస్తే, ప్రమాదం జరగకముందే కంపెనీకి మెయిల్ పెట్టాలి. తగ్గించిన డబ్బు కట్టించుకుని, పాలసీ సరిచేసినట్టు ఎండార్స్‌మెంట్ కాగితం ఇస్తారు. ప్రమాదం జరిగాక కడతానంటే కుదరదు.

ఇంకోటి. సెకండ్ హ్యాండ్ బండి కొంటే పాత ఓనర్ బోనస్ మనకి రాదు. అది మనిషిది, బండిది కాదు. అది మన పేరు మీద వాడుకున్నా ఇదే చిక్కు.

అన్నయ్య ఇప్పుడు స్కూలుకి జీపులో వెళ్తున్నాడు. ఈ రాత్రి మీ పాలసీ తీసి ఆ ఒక్క లైన్ చూడండి.