రెండు సెట్ల మధ్య

"ఇంకెన్ని సెట్లున్నయ్ అన్నా?"

సాయంత్రం ఏడింటికి మా కూకట్‌పల్లి జిమ్‌లో బెంచ్ మీద కాసేపు ఊరికే కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు వచ్చి ఈ మాట అడుగుతారు. అక్కడ బెంచ్‌ప్రెస్ బెంచీలు రెండే. ఆ ప్రశ్న వినకుండా ఉండటానికి దాదాపు ఎనిమిది నెలలు నేను నిమిషం కూడా ఆగకుండా సెట్లు కొట్టాను.

మా ట్రైనర్ చెప్పిందీ అదే. "బలం కావాలంటే ఎక్కువ ఆగు. సైజు కావాలంటే నలభై ఐదు సెకన్లే. పంప్ పోనియ్యకు." చొక్కాలన్నీ భుజాల దగ్గర హ్యాంగర్‌కి వేలాడినట్టు వేలాడే మనిషిని, నాకు కావాల్సింది సైజే. పైగా ఆయాసపడుతుంటే కష్టపడుతున్నట్టు ఉండేది. కూర్చుంటే బద్ధకంలా అనిపించేది.

నోట్‌బుక్ మాత్రం వేరే సంగతి చెప్పింది. అరవై కిలోలతో మొదటి సెట్‌లో 10 రెప్స్, రెండో దాంట్లో 6, మూడో దాంట్లో 4. వారాల తరబడి ఇవే అంకెలు. ఒకరోజు మొండికేసి మూడో సెట్‌లో ఐదో రెప్‌కి బార్ దించాను. అది ఛాతీ మీద ఆగిపోయింది. ఇద్దరు కుర్రాళ్లు పరిగెత్తుకొచ్చి లేపారు. ఆ రాత్రి అద్దంలో ఛాతీకి అడ్డంగా ఉన్న ఎర్రటి గీత చూసుకుంటూ, ఈ నలభై ఐదు సెకన్ల లెక్క ఎక్కడిదో తెలుసుకోవాలనుకున్నాను.

బరువైన సెట్ మొదలైన తొలి సెకన్లలో కండరం ఎక్కువగా వాడుకునేది ఫాస్ఫోక్రియాటిన్ అనే నిల్వని. అది చిన్న ట్యాంకు లాంటిది. సెట్ అయ్యాక మొదట్లో త్వరగానే నిండుతుంది, కానీ పూర్తిగా నిండటానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పట్టొచ్చు. మూడు, నాలుగు రెప్స్ మాత్రమే వచ్చేంత బరువు ఎత్తేవాళ్లు అంతసేపు ఆగేది అందుకే. బలం విషయంలో దీని మీద పెద్ద గొడవ లేదు.

గొడవంతా సైజు దగ్గరే. తక్కువ ఆగి వ్యాయామం చేస్తే ఆ కాసేపు గ్రోత్ హార్మోన్ బాగా పెరుగుతుందని 1990ల పరిశోధనల్లో కనబడింది. హార్మోన్ పెరిగితే కండ పెరుగుతుందిలే అని అందరూ అనుకున్నారు. కానీ ఆ కొద్దిసేపటి పెరుగుదల వల్లే కండ పెరుగుతుందని తేలలేదు. 2016లో బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం, అప్పటికే వ్యాయామం అలవాటున్న 21 మంది యువకుల చేత ఎనిమిది వారాలు ఒకే రకం వ్యాయామాలు చేయించింది. ఒక గుంపు సెట్ల మధ్య ఒక నిమిషం, ఇంకోటి మూడు నిమిషాలు ఆగింది. మూడు నిమిషాల వాళ్లకి బలమూ ఎక్కువ వచ్చింది, తొడ ముందువైపు కండ మందమూ ఎక్కువ పెరిగింది. ఇది చిన్న అధ్యయనమే. ఆ తర్వాత వచ్చినవన్నీ కలిపి చూస్తే, సైజు వరకు ఒకటిన్నర నిమిషం దాటాక పెద్ద తేడా కనబడదు. అయితే నిమిషం లోపు ఆగితే లాభం అన్న మాట మాత్రం నిలబడలేదు.

మర్నాటి నుంచి ఫోన్‌లో మూడు నిమిషాల టైమర్ పెట్టాను. అదే అరవై కిలోలు. ఈసారి 10, 9, 8. అంతకుముందు 20 రెప్స్, ఇప్పుడు 27. కిలోల్లో చూస్తే 1200 ఎత్తేవాణ్ని 1620 ఎత్తాను. అదనంగా ఖర్చయింది నాలుగున్నర నిమిషాలు. పంప్ తగ్గింది నిజమే, పని పెరిగింది.

అన్నిటికీ మూడు నిమిషాలు అక్కర్లేదని కూడా మెల్లగా తెలిసింది. బైసెప్ కర్ల్‌కి, భుజాల లాటరల్ రైజ్‌కి నిమిషం, నిమిషన్నర నాకు సరిపోతుంది. స్క్వాట్‌కి చాలదు. అక్కడ కాళ్ల కంటే ముందు ఊపిరి చేతులెత్తేస్తుంది. అందుకే ఇప్పుడు ప్రతి సెట్ తర్వాత ఒకటే ప్రశ్న వేసుకుంటాను: ఎందుకు ఆగిపోయాను? కండ ఇక లేపలేక ఆగితే సరే. ఆయాసం వల్ల ఆగినా, రెప్స్ ఒక్కసారిగా మూడు, నాలుగు పడిపోయినా, తక్కువ ఆగానన్నమాట. టైం లేని రోజు తక్కువ ఆగి, ఇంకో సెట్ కలుపుకుంటాను. మొత్తం పని దాదాపు దగ్గరికొస్తుంది.

నాలుగు నెలల తర్వాత డెబ్బై కిలోలు ఎనిమిదిసార్లు లేపాను. చొక్కాలు ఇంకా కొంచెం వదులే.

మొన్న మళ్లీ ఓ కుర్రాడు వచ్చి, ఇంకెన్ని సెట్లని అడిగాడు. "రెండున్నయ్ తమ్ముడూ. నాకింకా రెండు నిమిషాలుంది, ఈలోపు నువ్వు కొట్టెయ్," అని లేచాను. ఇద్దరం కలిసి ప్లేట్లు మార్చాం. వాడు చేస్తుంటే బార్ వెనకాల నిలబడ్డాను. వాడి సెట్ అయ్యి, మళ్లీ నా బరువు ఎక్కించేసరికి టైమర్ మోగింది.