హొసూరు తెలుగు లెక్కలు: చీటీల నుంచి వ్యాసం దాకా

మన పుస్తకం కోసం ఒక వ్యాసం రాసే పని నాకు పడింది. హొసూరు తాలూకాలో తెలుగువాళ్లు ఎందరని జనగణనలు చెప్పాయి, ఆ లెక్కలను ఒకదాని పక్కన ఒకటి పెట్టవచ్చా? ఇదే ప్రశ్న. మనవాళ్లు చాలామంది "అప్పుడు ఇంత, ఇప్పుడు ఇంత, తగ్గిపోయాం" అని ఒక్క గీత గీయమంటున్నారు. అది అచ్చైతే రేపు ఎవరో ఒకరు లేచి అడుగుతారు. అందుకే చదివినదాన్ని ఎలా పేర్చానో చెబుతాను.

నా దగ్గర ఉన్నవి మూడు నోటుబుక్కులు. నేను చదివింది తమిళ మీడియం కాబట్టి సగం రాతలు తమిళంలోనే ఉన్నాయి. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. ఊరి పేరును పుస్తకంలో ఉన్నట్టే తెలుగులోనో ఇంగ్లీషులోనో పక్కన రాసి పెట్టుకోకపోతే తర్వాత ఏ ఊరో తెలియదు.

మొదట ప్రతి విషయాన్నీ ఒక చీటీ మీదకు ఎత్తాను. ఒక చీటీకి ఒక్క మాటే. దాని కింద ఏ సంవత్సరం, ఏ ప్రాంతం, ఏ పుస్తకం, ఎన్నో పేజీ. పుస్తకంలోది ఉన్నదున్నట్టు దించుకుంటే ఎర్ర గీత, నా మాటల్లో రాసుకుంటే గీత లేదు. పార్సిల్ ఆఫీసులో ఎక్కడి నుంచి ఎక్కడికో రాయని మూటను బండి ఎక్కించం కదా, అలాగే ప్రాంతం రాయని అంకెను పక్కన పెట్టేశాను.

చీటీలను పుస్తకాల వారీగా పేరిస్తే పని జరగదు. లెఫాను 1883 నాటి సేలం మాన్యువల్ ఒక పేరా, రిచర్డ్స్ 1918 నాటి గెజిటీర్ ఒక పేరా, తర్వాత జనగణనలు అంటూ పోతుంది. అందులో ఏ రెండు పేరాలను తారుమారు చేసినా తేడా ఉండదు. అంటే అది జాబితా, వ్యాసం కాదు. అందుకని లెక్కలు ఎందుకు కలవడం లేదు అన్నదాన్ని బట్టి గుంపులు చేశాను.

మొదటి గుంపు, అడిగిన ప్రశ్న. 1881లో మాతృభాషను అడిగారు. 1901లో మామూలుగా వాడే భాషను, 1911లో ఇంట్లో వాడే భాషను అడిగారు. 1931లో మళ్లీ మాతృభాషకు వచ్చి, దానితో పాటు అదనంగా వాడే భాషనూ అడిగారు. తల్లి దగ్గర తెలుగు నేర్చుకుని, పనిలో పగలంతా కన్నడం మాట్లాడే మనిషి మన దగ్గర కొత్త కాదు. ఆ ఒక్క మనిషే రెండు జనగణనల్లో రెండు భాషల కింద పడవచ్చు.

రెండో గుంపు, ఎల్లలు. హొసూరు 1965 దాకా సేలం జిల్లాలో, తర్వాత ధర్మపురి జిల్లాలో, 2004 నుంచి కృష్ణగిరి జిల్లాలో ఉంది. తాలూకా కూడా చీలింది, డెంకణికోట వేరైంది. జిల్లా మొత్తంలో తెలుగువాళ్లు నూటికి ఇంతమంది అన్న మాట ఈ మూడు కాలాల్లో మూడు వేరే నేలల గురించి. ఇంకో చిక్కు, గెజిటీరుకు సొంత జనగణన లేదు, జనాభా అంకెలు జనగణన నుంచి తెచ్చుకున్నవే. రెండు పుస్తకాలు ఒకే అంకె చెబితే ఇద్దరు సాక్షులని అనుకోకూడదు. అంకె మొదట ఎక్కడ పుట్టిందో వెతికితే ఒక్కడే తేలుతాడు.

మిగిలినవి మాండలికం గురించిన చీటీలు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి వృత్తి పదకోశం మీద నేను రాసుకున్నవే నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి. కానీ అవి ఎలా మాట్లాడతారో చెబుతాయి, ఎందరో చెప్పవు. గ్రియర్సన్ భాషా సర్వే మద్రాసు రాజధానిలో జరగనే లేదు. మనసు ఒప్పకపోయినా అన్నిటినీ వేరే కవరులో పెట్టాను.

అప్పుడు శీర్షికలు రాశాను. "జనగణనలు" అని ఒక్క మాట కాకుండా పూర్తి వాక్యాలు పెట్టాను: "అడిగిన ప్రశ్న మారింది", "జిల్లా లెక్క తాలూకా లెక్క కాదు", "ఏ రెండేళ్లను పోల్చవచ్చు". ఒక్కో శీర్షిక కింద చీటీలు పరిస్తే మూడోదాని కింద రెండే వచ్చాయి. వ్యాసం ఎక్కడ బలహీనమో అక్కడే కనిపించింది.

చిత్తు ప్రతిలో ఒక పేరా ఇలా వచ్చింది: "1911 లెక్కనూ 1931 లెక్కనూ పోల్చేటప్పుడు పెరుగుదల, తగ్గుదల అని వెంటనే అనలేము. మొదటిది ఇంటి వాడుకను, రెండోది మాతృభాషను లెక్కించింది. తేడాలో కొంత ప్రశ్న మారడం వల్ల రావచ్చు. ఎంత అన్నది ఈ పట్టికలతో తేలదు." ముందు నా మాట, తర్వాత దానికి ఆధారం. పుస్తకం పేరు, పేజీ చీటీలోంచి అడుగున దిగుతాయి.

ఇలా చూస్తే, మనవాళ్లు అడిగిన ఒక్క గీత గీయడానికి వీలు లేదు. మాతృభాషే అడిగిన సంవత్సరాలను, ఒకే ఎల్లలు ఉన్నంత వరకు, చిన్న చిన్న ముక్కలుగా చూపించవచ్చు. మూడో శీర్షికకు తాలూకా వారీ పట్టికలు ఇంకా కావాలి. 1961 సేలం, 1971 ధర్మపురి జిల్లాల జనగణన హ్యాండ్‌బుక్కులు ఎవరి ఇంట్లోనైనా ఉంటే చెప్పండి, నేనే వచ్చి అక్కడే కూర్చుని రాసుకుంటాను.