వెండి ముందు ఎవర్ని పట్టుకుంటుంది?

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో సాల్ట్ ఎనాలిసిస్ చేసిన వాళ్ళకి సిల్వర్ నైట్రేట్ గుర్తుండే ఉంటుంది. కాస్త డైల్యూట్ నైట్రిక్ యాసిడ్ కలిపి, సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు వేస్తే పెరుగు విరిగినట్టు తెల్లగా వస్తే క్లోరైడు, లేత పసుపైతే బ్రోమైడు, పసుపైతే అయోడైడు. రికార్డులో రాసేసి సంతకం పెట్టించుకుని వచ్చేశాం. కానీ టెస్ట్‌ట్యూబులో రెండూ ఉంటే? వెండి ముందు ఎవర్ని పట్టుకుంటుంది, రెండోది మొదలయ్యేసరికి మొదటిది ఎంత మిగులుతుంది? ఇది ఈఏపీసెట్ మోడల్ పేపర్లలో ఒక మార్కు బిట్టు. సమాధానం టిక్కు పెట్టడం మనందరికీ వచ్చు. దాని లోపల ఏముందో రాద్దామని ఈ వ్యాసం.

నాకు దీని మీద ఆసక్తి పుట్టింది మాత్రం పుస్తకంలో కాదు, పొగాకులో. మాది జంగారెడ్డిగూడెం. గోదావరి జిల్లా అనగానే అందరూ కాలవలు, వరిచేలు అనుకుంటారు గానీ మాది మెట్ట. బోరు నీళ్ళు, పామాయిల్, కోకో, వర్జీనియా పొగాకు. పొగాకుకీ క్లోరైడుకీ అస్సలు పడదు. ఆకులో క్లోరైడు ఎక్కువైతే అది చెమ్మ పీలుస్తుంది, సరిగ్గా కాలదు, వేలంలో ధర పడిపోతుంది. అందుకే మా దగ్గర పొగాకు రైతులు మామూలు పొటాష్ వెయ్యరు, ఎందుకంటే అది పొటాషియం క్లోరైడు. ఖరీదెక్కువైనా సల్ఫేట్ ఆఫ్ పొటాషే కొంటారు. రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థగా పెట్టిన సంస్థ వాళ్ళు కూడా నీళ్ళలో క్లోరైడు చూసుకోమనే చెబుతారు. నిరుడు మా నాన్న కొత్త బోరు వేయించి నీళ్ళు పరీక్షకి ఇచ్చారు. రిపోర్టులో క్లోరైడు లీటరుకి 142 మిల్లీగ్రాములు అని వచ్చింది. "పొగాక్కి ఈ నీళ్ళు వద్దండి" అన్నారట ల్యాబులో. నాన్న ఇంటికొచ్చి నన్నడిగారు: "ఒరేయ్, ఆ మందు ఉప్పునొక్కదాన్నే పట్టుకుంటుందా, ఇంకేమన్నా కూడా పట్టుకుంటుందా?"

చాలా మంచి ప్రశ్న. ఎందుకంటే వెండి క్లోరైడుని మాత్రమే పట్టుకోదు. అయోడైడు, బ్రోమైడు ఉంటే వాటినీ పట్టుకుంటుంది, నిజానికి క్లోరైడు కంటే గట్టిగా పట్టుకుంటుంది. ఆ గట్టితనం కొలతే Ksp. నీళ్ళలో వెండి గాఢతని హాలైడు గాఢతతో గుణిస్తే వచ్చే సంఖ్య ఈ Ksp దాటిందా, దాటినదంతా గట్టిపడి కిందకి దిగిపోతుంది. AgCl కి అది 1.8 × 10⁻¹⁰, AgBr కి 5.0 × 10⁻¹³, AgI కి 8.3 × 10⁻¹⁷. పుస్తకాన్ని బట్టి చివరి అంకె కొంచెం అటూఇటూ ఉంటుంది, కథ మారదు.

ఒక బీకరు తీసుకుందాం. 100 మిల్లీలీటర్ల నీళ్ళు, అందులో సోడియం అయోడైడు 0.01 మోలార్, సోడియం క్లోరైడు 0.01 మోలార్. పైన బ్యూరెట్టులో 0.1 మోలార్ సిల్వర్ నైట్రేట్. మొదటి చుక్కకే పసుపు మబ్బు కమ్ముతుంది. అయోడైడు దిగడానికి వెండి గాఢత 8.3 × 10⁻¹⁵ చాలు, క్లోరైడు దిగడానికి 1.8 × 10⁻⁸ కావాలి. మనం పోస్తున్న వెండినంతా అయోడైడు మింగేస్తుంటే నీళ్ళలో వెండి గాఢత పెరగనే పెరగదు. సగం అయోడైడు దిగిపోయాక కూడా అది రెట్టింపు మాత్రమే అవుతుంది. పది మిల్లీలీటర్లు దగ్గరపడేసరికి అయోడైడు అయిపోవస్తుంది, అప్పుడు వెండి గాఢత ఒక్కసారి పైకి లేస్తుంది. లేచి లేచి క్లోరైడు గీతని తాకుతుంది. ఆ క్షణంలో మొదటి తెల్ల రేణువు పుడుతుంది.

ఆ క్షణంలో అయోడైడు ఎంత ఉంది? వెండి గాఢత రెండింటికీ ఒకటే, ఎందుకంటే బీకరు ఒకటే. AgI సమీకరణాన్ని AgCl సమీకరణంతో భాగిస్తే వెండి కొట్టుకుపోతుంది. మిగిలేది అయోడైడుకీ క్లోరైడుకీ ఉన్న నిష్పత్తి, అది రెండు Kspల నిష్పత్తి: 4.6 × 10⁻⁷. అంటే దాదాపు 22 లక్షల క్లోరైడు అయాన్లకి ఒక్క అయోడైడు అయాన్. బీకరులో మొదట ఇద్దరూ సమానం కాబట్టి, అయోడైడులో 0.000046 శాతమే ఇంకా నీళ్ళలో ఉందన్నమాట. బిట్టు పేపర్లో మనం టిక్కు పెట్టే సమాధానం ఇదే.

నాకు నచ్చింది ఆ వెండి కొట్టుకుపోవడం. ఎంత వెండి పోశాం, ఎంత నీళ్ళు కలిశాయి అన్నది ఆ నిష్పత్తికి అక్కర్లేదు. రెండు అవక్షేపాలూ బీకరులో ఉన్నంతసేపూ నీళ్ళలో వాటి అయాన్ల నిష్పత్తి కదలదు. ఇంకా వెండి పోస్తూ పోతే క్లోరైడు తగ్గుతుంది, దానితోపాటే ఆ చిటికెడు అయోడైడు కూడా అదే పాళ్ళలో తగ్గుతుంది.

అయోడైడు బదులు బ్రోమైడు పెడితే నిష్పత్తి 2.8 × 10⁻³ అవుతుంది, అంటే 360కి ఒకటి. సమానంగా మొదలుపెడితే క్లోరైడు దిగడం మొదలయ్యేసరికి బ్రోమైడు 0.28 శాతం మిగులుతుంది. అదీ మంచి మార్కే. ఇక్కడిదాకా వచ్చి ఆగితే పుస్తకం సరిపోతుంది. కానీ బోరు నీళ్ళలోనూ సముద్రంలోనూ ఎవరూ సమానంగా కలిపి పెట్టరు కదా. సీఎస్ఈ వాణ్ణి కాబట్టి నాలుగు లైన్లు రాసి చూశాను.

```python
K = {"I": 8.3e-17, "Br": 5.0e-13, "Cl": 1.8e-10}

def left(a, ca, b, cb):
    ag = K[b] / cb
    return K[a] / ag / ca

print(left("I", 0.01, "Cl", 0.01))
print(left("Br", 0.01, "Cl", 0.01))
print(left("Br", 0.00084, "Cl", 0.546))
```

`ag` అంటే రెండోది మొదలవ్వడానికి కావలసిన వెండి గాఢత. ఫంక్షను తిరిగి ఇచ్చేది మొదటిదాంట్లో ఇంకా మిగిలిన భాగం. మొదటి రెండు లైన్లూ మనకి తెలిసినవే ఇస్తాయి. మూడోది సముద్రపు నీళ్ళు: లీటరుకి క్లోరైడు 0.546 మోల్స్, బ్రోమైడు 0.00084 మోల్స్. దానికి వచ్చే జవాబు 1.8.

మిగిలిన భాగం ఒకటి కంటే ఎక్కువ! 180 శాతం ఎలా మిగులుతుంది? మిగలదు. ఆ సంఖ్యకి అర్థం, మనం "మొదటిది" అని పేరు పెట్టింది అసలు మొదటిది కాదని. సముద్రంలో క్లోరైడు బ్రోమైడుకి 650 రెట్లు ఉంది. వెండికి బ్రోమైడు మీద ఉన్న మక్కువ 360 రెట్లే. జనం ఎక్కువున్న వాళ్ళే ముందు లోపలికి వెళ్ళారు. పుస్తకపు లెక్క ప్రకారం క్లోరైడు 0.546 నుంచి దాదాపు 0.30 కి పడిపోయేదాకా, అంటే 45 శాతం దిగిపోయేదాకా, స్వచ్ఛమైన సిల్వర్ బ్రోమైడు పుట్టనే పుట్టదు. కాబట్టి ఎవరు ముందు అన్నది Ksp ఒక్కటే చూసి చెప్పలేం, పాళ్ళు కూడా చూడాలి. ఇది మన బిట్టు పేపర్లలో కనిపించకపోవడానికి కారణం, వాటిలో ఎప్పుడూ 0.01, 0.01 అనే ఇస్తారు.

ఇంకో చిక్కుంది, అది ఏ కోడులోనూ లేదు. పైన లెక్కంతా AgBr వేరే గుట్టగా, AgCl వేరే గుట్టగా పడతాయని నమ్ముకుని చేసింది. కానీ ఈ రెండిటి స్ఫటికాల కట్టుబడి ఒకటే, మన వంటింటి ఉప్పు స్ఫటికం లాంటిదే. అయాన్ల మధ్య దూరాలు కూడా దగ్గర దగ్గరగా ఉంటాయి. అందుకని బ్రోమైడు కట్టుకుంటున్న గోడలో క్లోరైడు కూడా ఇటుకై దూరిపోతుంది. రెండూ కలిసిన ఒకే స్ఫటికం తయారవుతుంది. దీనివల్ల క్లోరైడు తన వంతు రాకముందే కొంత దిగిపోతుంది, బ్రోమైడు కొలత ఉండాల్సిన దానికన్నా ఎక్కువ చూపిస్తుంది. సముద్రపు నీళ్ళలో దీనికి ఎదురు కథ: బ్రోమైడు తన వంతు కోసం ఆగకుండా మొదటినుంచే క్లోరైడు గుట్టలో దూరుతుంది. అయోడైడు మటుకు ఈ గొడవకి రాదు. AgI స్ఫటికం కట్టుబడి వేరు, క్లోరైడుతో సరిగా కలవదు. అందుకే అయోడైడు–క్లోరైడు విడదీయడం లెక్కలో చెప్పినంత దగ్గరగా బల్ల మీద కూడా కుదురుతుంది, బ్రోమైడు–క్లోరైడు అంత కుదరదు.

ఇదంతా కంటికి తెలుస్తుందా అంటే, తెలియదు. పసుపు బురదలో తెల్ల రేణువు పుడితే ఎవరికి కనిపిస్తుంది? అందుకే ల్యాబులో ఒక వెండి తీగని ముంచి దాని వోల్టేజీ చూస్తారు. వెండి గాఢత పది రెట్లు పెరిగిన ప్రతిసారీ అది 59 మిల్లీవోల్టులు పెరుగుతుంది. లాగ్ స్కేలన్నమాట. అయోడైడు అయిపోగానే గ్రాఫు నిటారుగా లేచి, క్లోరైడు మొదలైన చోట టక్కున విరిగి బల్లపరుపవుతుంది. ఆ విరుపే మన రెండో అవక్షేపం పుట్టిన క్షణం. బ్రోమైడు–క్లోరైడులో ఆ మెట్టు పొట్టిగా ఉంటుంది, మూల గుండ్రంగా అరిగిపోయినట్టుంటుంది. మెట్టు మూల పదునుగా లేదంటే, కింద స్ఫటికాలు కలిసిపోతున్నాయని అనుమానించొచ్చు.

ఒక చిన్న పక్కమాట. ఇంట్లో అయోడైజ్డ్ ఉప్పు కరిగించి సిల్వర్ నైట్రేట్ వేస్తే పసుపు వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. మన దేశంలో ఉప్పులో కలిపేది పొటాషియం అయోడేట్, అయోడైడు కాదు. సిల్వర్ అయోడేట్ నీళ్ళలో AgCl కంటే చాలా ఎక్కువ కరుగుతుంది. తెలుపే వస్తుంది.

సరే, నాన్న ప్రశ్న. బోరు నీళ్ళలో క్లోరైడు లీటరుకి 142 మిల్లీగ్రాములంటే 0.004 మోలార్. 100 మిల్లీలీటర్ల శాంపిలు తీసుకుని, పొటాషియం క్రోమేట్ చుక్కలు వేసి, 0.02 మోలార్ సిల్వర్ నైట్రేట్‌తో టైట్రేట్ చేస్తే సరిగ్గా 20 మిల్లీలీటర్ల దగ్గర ఇటుకరంగు నిలబడుతుంది. ఈ 20లో బ్రోమైడు వాటా ఎంత? మెట్ట బోరులో బ్రోమైడు సముద్రంలో ఉన్న పాళ్ళలోనే ఉందనుకుందాం, 650కి ఒకటి. అప్పుడు దాని వాటా 0.03 మిల్లీలీటర్లు. బ్యూరెట్టు నుంచి పడే ఒక్క చుక్కే 0.05 మిల్లీలీటర్లు ఉంటుంది. అంటే వెండి బ్రోమైడుని కూడా పట్టుకుంటుంది నిజమే, కానీ దాని మొత్తం పాత్ర చుక్కలో సగం పైచిలుకు. అయోడైడుది అంతకంటే చాలా తక్కువ.

ఫోన్లో నాన్నకి ఇంత చెప్పలేదు. "పట్టుకుంటుంది నాన్నా, కానీ చుక్క కూడా తేడా రాదు, రిపోర్టు నమ్మొచ్చు" అన్నాను. "అయితే ఆ బోరు పామాయిల్‌కి తిప్పేద్దాం, పొగాక్కి పాత బోరే" అన్నారు. కొత్త పైపులైనుకి ఖర్చయింది. అమ్మ ఆ ఖర్చు గురించి ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

సముద్రం కొలిచే వాళ్ళయితే ఈ తగువుని ఇంకోలా తీర్చుకున్నారు. బ్రోమైడుని విడదీయడం ఎలాగూ శుభ్రంగా కుదరదు కాబట్టి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మార్టిన్ క్నుడ్సెన్ బృందం పట్టికలు తయారుచేసినప్పుడు, వెండి పట్టుకున్న హాలైడులన్నింటినీ కలిపి క్లోరైడుగానే లెక్కపెట్టి దానికి క్లోరినిటీ అని పేరు పెట్టారు. ఆ తరవాత దశాబ్దాలపాటు సముద్రాల ఉప్పదనాన్ని ఆ సంఖ్య నుంచే లెక్కగట్టారు.